కాలిన చేతికి నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయా?

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. చెయ్యి కాలితే వెంటనే గోధుమపిండి డబ్బాలో పెట్టాలట, పది నిమిషాలు అలాగే ఉంచితే మంటా ఉండదు, మచ్చా పడదట. ఫ్రిజ్‌లో పెట్టిన పిండైతే మరీ శ్రేష్ఠమట. దీనికి తోడబుట్టినది ఇంకోటి ఉంది, కోడిగుడ్డు తెల్లసొన రాయమనేది. ఫైర్ ఇంజన్ వాళ్లకి ట్రైనింగులో ఇదే నేర్పిస్తారని అందులో ఓ ముక్క కూడా ఉంటుంది. రెండూ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. మామూలుగానే కింద దండాల బొమ్మలు, "అందరూ సేవ్ చేసుకోండి" అని ఓ మావయ్య.

పిండి సంగతి తేల్చడం పెద్ద పనేం కాదు. పిండి వేడిని లాగదు, అది చర్మం చుట్టూ కప్పుకుని లోపలి వేడిని లోపలే ఉంచుతుంది. నాకు పేచీ ఉన్నది ఇంకో చోట. వంటింట్లో ఎవరికైనా కాలిందంటే మన ఇళ్లలో మొదట పుట్టే ప్రశ్న "ఏం రాద్దాం?" అనేది. పసుపా, టూత్‌పేస్టా, కొబ్బరినూనా, ఇడ్లీ పిండా, పెన్ను సిరానా అని వాదించుకుంటారు. అసలు రాయాలా అని ఎవరూ అడగరు. పసుపులో చెడేముంది, తేనెలో చెడేముంది అని వాటి గుణాల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు గానీ, అవి చేసే అతిపెద్ద నష్టం వాటి గుణం వల్ల కాదని నా అభిప్రాయం. ఒకసారి ఏదైనా రాసేశాక ఆ చేతిని ఇక ఎవరూ నీళ్ల కింద పెట్టరు. రాసిన మందు కడిగేస్తామా మరి! అక్కడితో అసలు వైద్యం చేసే టైము పోయినట్టే.

పొయ్యి కట్టేశాక కూడా

ఇనప పెనం మీద దోసె వేసి, స్టవ్ కట్టేసి, ఫోన్ వస్తే మాట్లాడి వచ్చి చూడండి. దోసె మాడిపోయి ఉంటుంది. మంట లేదు కదా అంటే, పెనంలో ఉన్న వేడి చాలదూ? చర్మమూ అంతే. నూనె చుక్క పడ్డాక, మనం దాన్ని గుడ్డతో తుడిచేశాక కూడా ఆ వేడి కింది పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. గారెలో బూరెలో వేయించే నూనె 170 నుంచి 190 డిగ్రీల దాకా ఉంటుంది. పైగా అది నీళ్లలా జారి పోదు, ఆవిరై పోదు, పట్టుకుని ఉంటుంది. అందుకే అదే సైజు చుక్క మరిగే నీళ్లది పడితే వచ్చే గాయం కన్నా నూనెది సాధారణంగా లోతుగా ఉంటుంది.

1953లో డగ్లస్ జాక్సన్ అనే బ్రిటిష్ సర్జన్ కాలిన గాయాన్ని మూడు వలయాలుగా విడదీసి చూపించాడు. మధ్యలో పూర్తిగా చచ్చిపోయిన చర్మం ఉంటుంది, దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. చుట్టూ చివరన ఎర్రబడ్డ చర్మం, అది తనంతట తానే కోలుకుంటుంది. ఈ రెండింటికీ నడుమ ఒక పట్టీ ఉంటుంది. అక్కడ రక్తప్రసరణ మందగించి ఉంటుంది గానీ ప్రాణం పోలేదు. బాగా చూసుకుంటే బతుకుతుంది, లేకపోతే ఒకటి రెండు రోజుల్లో అదీ చచ్చి గాయం లోతుకు దిగుతుంది. మనం ఇంట్లో చేసేదంతా ఈ నడిమి పట్టీ కోసమే. "అప్పుడు కొంచెమే ఎర్రగా ఉంది, తెల్లారేసరికి ఇంతైంది" అని మన ఇళ్లలో చెప్పుకునే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఆ పట్టీని కాపాడేది చల్లటి నీళ్ల ధార, ఇరవై నిమిషాల పాటు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలోని కాలిన గాయాల వైద్యులు చెప్పే లెక్క ఇదే. ఆలస్యమైనా సరే, కాలిన మూడు గంటల లోపు మొదలుపెడితే ప్రయోజనం ఉంటుందంటారు. ఆస్ట్రేలియాలో దాదాపు 2,500 మంది పిల్లల కేసులు పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇరవై నిమిషాలు నీళ్ల ధార కింద పెట్టిన పిల్లలకి చర్మం అతికించే ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం సుమారు నలభై శాతం తగ్గిందని తేలింది. ఒక కుళాయి చేసే పనికి అది తక్కువేం కాదు.

ఇరవై నిమిషాలంటే మాత్రం చాలాసేపు. కాలిన మనిషి రెండు నిమిషాలకే "చాల్లే, తగ్గింది" అని చెయ్యి తీసేస్తారు. తీసిన మరుక్షణం మళ్లీ చుర్రుమంటుంది, అప్పుడు నీళ్లు పనిచెయ్యలేదనుకుని పేస్టు కోసం వెతుకుతారు. అందుకే గోడ గడియారమో ఫోనో చూసుకోవాలి, మన అంచనాతో లాభం లేదు.

బూరె పేలిన రోజు

కిందటి సంక్రాంతికి మా ఇంట్లో బూరెలు. తోపు పిండి కాస్త పల్చబడి, పూర్ణం ఒక చోట బయటికి వచ్చిందేమో, మూకుట్లో ఒక బూరె టప్‌మని పేలింది. నూనె ఎగిరి మా వదిన కుడిచేతి మణికట్టు మీద, ముంజేతి మీద పడింది. ఆవిడ చిల్లుల గరిటె వదిలేసి చెయ్యి ఊపుకుంటూ వెనక్కి వచ్చింది. మా పెద్దమ్మ పోపులపెట్టెలోంచి గుప్పెడు పసుపు తీసి ముంజేతి మీద అద్దేసింది కూడా, అంత వేగం.

మా బాబాయి కూతురు నర్సు. ముందు స్టవ్ కట్టేసి, వదిన మోచెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి లాక్కుపోయింది.

"నీళ్లు పొయ్యకే, బొబ్బలెక్కుతాయి!" పెద్దమ్మ.

"ఎక్కనీ పెద్దమ్మా. వదినా, ముందు గాజులు తియ్యి."

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. పండగ పూట, ముత్తైదువ, గాజులు తియ్యడమేంటి? "ఒక్కటన్నా ఉంచవే" అని పెద్దమ్మ. వదిన అటు చూసి ఇటు చూసి, నొప్పికి ఏడుస్తూనే తటపటాయించింది. చెల్లి మాట్లాడకుండా సబ్బు రాసి గాజులు ఒక్కొక్కటీ లాగేసింది. రెండు చిట్లాయి. ఎడమచేతి గాజులు ఎడమచేతికే ఉన్నాయి కదా అని ఎవరో అన్నాక పెద్దమ్మ సద్దుకుంది.

గాజుల మీద అంత పట్టుదల ఎందుకంటే, కాలిన చోట గంటా రెండు గంటల్లో వాపు వస్తుంది. అప్పుడు గాజు, ఉంగరం, కాలికైతే మెట్టె బిగుసుకుపోయి రక్తం ఆడనివ్వదు. ఆ తర్వాత కత్తిరించి తియ్యాల్సిందే. ఇంకో సంగతి ఆ రోజే చూశాం. గాజుల కింద నూనె చిక్కుకున్న చోట గీత గీసినట్టు కాలింది. ఆ గీతే చివరిదాకా సతాయించింది.

కుళాయి కింద చెయ్యి పెట్టించి చెల్లి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ధార మరీ ఉధృతంగా వద్దంది, గాయం మీద సూటిగా కొట్టకుండా కాస్త పైనుంచి జారేటట్టు పెట్టింది. పసుపు చాలావరకు పోయింది గానీ, అప్పటికే తడికి అంటుకున్నది పూర్తిగా పోలేదు. సాయంత్రం క్లినిక్‌లో డాక్టర్ గారు ఆ మిగిలిన పసుపును సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో తుడుస్తుంటే వదిన పెట్టిన కేకలు, నూనె పడ్డప్పుడు కూడా పెట్టలేదు.

బొబ్బల సంగతి

పెద్దమ్మ మాటను నేను తేలిగ్గా తీసుకోను. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని ఆవిడ ఒక్కతే కాదు, తెలుగునాట సగం మంది నమ్ముతారు, పైగా కళ్లారా చూశామంటారు. నిజమే, చూశారు. కాలినప్పుడు నీళ్లు పోశారు, కాసేపటికి బొబ్బ వచ్చింది. కానీ బొబ్బ వచ్చేది చర్మం పై పొర కింది పొర నుంచి విడిపోయి మధ్యలో శరీరంలోని ద్రవం ఊరడం వల్ల. అంత లోతుకు కాలిందా లేదా అన్నది నూనె తగిలిన క్షణంలోనే చాలావరకు తేలిపోతుంది, కంటికి కనబడడానికి మాత్రం కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా మనం ఏం చేసుంటే నేరం దాని మీదికి పోతుంది. నీళ్లు పోసుంటే నీళ్ల మీదికి. పసుపు రాసుంటే మాత్రం విచిత్రంగా పసుపు మీదికి పోదు, "పసుపు రాసినా బొబ్బెక్కింది, అంత కాలింది పాపం" అంటారు.

వదినకీ బొబ్బలు వచ్చాయి, మణికట్టు దగ్గర ఒకటి పెద్దదే. పెద్దమ్మ "చెప్పానా" అన్నట్టు చూసింది. పల్చటి పొరతో, కింద గులాబీ రంగులో, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పితో ఉంది. డాక్టర్ దృష్టిలో అవి మంచి గుర్తులు. నొప్పి ఉందంటే నరాలు బతికే ఉన్నాయి. గాయం పక్కన వేలితో నొక్కితే తెల్లబడి, వదిలేస్తే వెంటనే రంగు వచ్చిందంటే రక్తం ఆడుతోంది. భయపడాల్సింది నొప్పి లేకుండా, పాలిపోయి తెల్లగానో, తోలులా గట్టిగానో కనిపించే చోట. మనవాళ్లు ఇక్కడే తిరగేసి చదువుతారు. "నొప్పేం లేదంట, పర్లేదు" అని ఇంట్లో కూర్చుంటారు.

బొబ్బను సూదితో పొడవొద్దని వేరే చెప్పక్కర్లేదు. ఆ పొర ఉన్నంతసేపు కింద ఉన్న పచ్చి చర్మానికి అంతకు మించిన కట్టు లేదు.

రాసేవాటి గురించి, న్యాయంగా

మా అమ్మమ్మ కాలం నుంచి పసుపే రాస్తున్నాం, మాకేం కాలేదు అన్న మాటకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. అన్నం గిన్నె అంచు తగిలి, పోపు చిట్లి వచ్చే చిన్న చిన్న గాయాలు ఏమీ రాయకపోయినా వారం పది రోజుల్లో మానతాయి. పసుపుకి పేరొచ్చింది ఆ గాయాల దగ్గరే. లోతుగా కాలినవాళ్లు ఏం రాసినా ఆస్పత్రికే వెళ్లారు, వాళ్లని చూపించి పసుపును ఎవరూ తప్పుపట్టలేదు.

పసుపుకి సూక్ష్మజీవుల మీద కొంత ప్రభావం ఉందని ల్యాబుల్లో చూశారు, కాదనను. కానీ పోపులపెట్టెలో, ఆవాల చెమ్చాతో, తడి చేతులతో తీసే పసుపు శుభ్రమైన మందు కాదు. దానికన్నా పెద్ద సమస్య రంగు. డాక్టర్ గాయం లోతును అంచనా వేసేది ముఖ్యంగా రంగు చూసి, నొక్కి చూసి. పసుపో ఇంకో కాఫీపొడో పూసుకెళితే ముందు అది వదిలించాలి, అది వదిలించడమే ఒక చిత్రహింస. మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే తెల్ల క్రీములు రాసుకెళ్లినా డాక్టర్‌కి ఇదే తంటా. అవి మందులే కాబట్టి డాక్టర్ చూశాక ఆయన రాయమంటే రాయండి, ముందు కాదు.

టూత్‌పేస్టు మోసం ఇంకో రకం. అందులోని పుదీనా సత్తు నోట్లో చల్లగా అనిపించినట్టే చర్మం మీదా అనిపిస్తుంది. నరాలకి చల్లబడ్డట్టు కబురు వెళుతుంది, చర్మం మాత్రం అంతే వేడిగా ఉంటుంది. పైగా ఎండిపోయి పెచ్చుకట్టి, తీసేటప్పుడు బొబ్బ పొరను పట్టుకుని వస్తుంది. వెన్న, నెయ్యి, కొబ్బరినూనె జిడ్డుగా పరుచుకుని నీళ్లని దగ్గరికి రానివ్వవు. వేడి నూనె పడిందని దాని మీద చల్ల నూనె రాయడంలో తర్కం ఏమిటో నాకు ఎప్పుడూ అంతుబట్టలేదు.

కలబంద గురించి అడుగుతారు. పైపైన కాలిన చిన్న గాయానికి, నీళ్ల పని అంతా అయ్యాక, దాని జెల్ ఉపశమనం ఇస్తుందనడానికి ఆధారాలున్నాయి. కుండీలో మట్టితో ఉన్న మట్టను విరిచి బొబ్బ చిట్లిన చోట రుద్దడం మాత్రం ఆ ఆధారాల్లో లేదు. తేనెనూ ఆస్పత్రుల్లో వాడతారు, గాయాల కోసం శుద్ధిచేసి తయారుచేసిన దాన్ని, కట్టులాగా.

మే నెలలో ట్యాంకు నీళ్లు

నా వాదనకు నిజంగా గట్టి అడ్డంకి ఒకటి ఉంది. "చల్లటి కుళాయి నీళ్లు" అని రాసినవాళ్లు ఉన్నది మెల్బోర్న్‌లోనో లండన్‌లోనో. కరీంనగర్‌లోనో కర్నూలులోనో మే నెల మధ్యాహ్నం మేడమీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు ముఖం కడుక్కోడానికే పనికిరావు. ఆ నీళ్ల కింద కాలిన చెయ్యి పెడితే ఇంకా మండుతుంది. నీళ్లు దాదాపు 15 డిగ్రీలుంటే మంచిదని చెబుతారు, మనకు వేసవిలో అది కల. అంత లేకపోయినా ఒంటి వేడికన్నా బాగా చల్లగా ఉంటే పనిచేస్తుంది. ఇంట్లో అలాంటి నీళ్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. మంచినీళ్ల కుండ ఉంటే అంతకన్నా ఏం కావాలి. సంపులోంచి తోడినవి, బోరు నుంచి నేరుగా వచ్చినవి ట్యాంకు నీళ్లకన్నా చల్లగా ఉంటాయి. ఏదీ లేకపోతే ఫ్రిజ్‌లోని రెండు సీసాలు బకెట్ నీళ్లలో కలిపి మగ్గుతో పోయడమే.

ఐస్ ముక్కలు మాత్రం చేతికి పెట్టకండి. ఐస్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, ఆ నడిమి పట్టీకి అందే కాస్త రక్తమూ ఆగిపోతుంది. బకెట్లో వేసి కరిగించి నీళ్లను చల్లబరచడానికి వాడుకోవచ్చు, అదీ గడ్డకట్టేంత చల్లగా కాకుండా.

నీళ్లకే కటకటగా ఉన్న ఇళ్లలో ఇరవై నిమిషాలు కుళాయి వదిలితే ఎలా? న్యాయమైన ప్రశ్నే. కింద శుభ్రమైన టబ్బు పెట్టి, పై నుంచి మగ్గుతో నెమ్మదిగా పోస్తూ, అవే నీళ్లు వేడెక్కేదాకా మళ్లీ వాడుకోవచ్చు. ఒక బకెట్‌తో సరిపోతుంది. అదీ కుదరకపోతే తడిగుడ్డ వేసి, నిమిషానికోసారి మళ్లీ తడిపి వేస్తుండాలి. ధార అంత బాగా పనిచెయ్యదు గానీ, టూత్‌పేస్టుకన్నా నూరురెట్లు నయం.

ఆవిరికీ సాంబారుకీ తేడా

ఆవిరి కనబడదు కాబట్టి దాన్ని తక్కువ అంచనా వేస్తాం. ఒక గ్రాము మరిగిన నీరు మన ఒంటి వేడికి దిగేలోపు ఇచ్చే వేడి అరవై కేలరీల పైచిలుకు. అదే ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారడంలోనే దాదాపు 540 కేలరీలు దించుతుంది, ఆ తర్వాత ఆ అరవై అదనం. ఇడ్లీపాత్ర మూత మనవైపు ఎత్తినప్పుడు ముంజేతికి తగిలేది ఇదే. అవతలి అంచు ముందు లేచేటట్టు మూత తీస్తే ఆవిరి అటు పోతుంది. ముఖానికి ఆవిరి తగిలి గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడనట్టున్నా నీళ్లతో ఆగకుండా పరుగెత్తాల్సిందే.

సాంబారో టీనో ఒలికినప్పుడు ముఖ్యమైనది బట్ట. పిల్లల చొక్కా, లంగా వేడి ద్రవాన్ని పీల్చుకుని చర్మానికి అతుక్కుని ఉంటాయి, పై నుంచి నీళ్లు పోస్తూనే వెంటనే విప్పేయాలి. డైపర్ మర్చిపోతారు, అందులోనూ వేడి నిలిచి ఉంటుంది. చర్మానికి అంటుకుపోయిన ముక్క ఉంటే మాత్రం లాగకుండా చుట్టూ కత్తిరించి వదిలేయాలి. చిన్నపిల్లలకి ఇంకో జాగ్రత్త ఉంది. కాలిన చోటునే చల్లార్చాలి, ఒళ్లంతా కాదు. మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి. వణుకు మొదలైతే, మగతగా ఉంటే ఇరవై నిమిషాల లెక్క పక్కన పెట్టి ఆపేయాలి.

ఆస్పత్రికి ఎప్పుడు

కాలిన మనిషి అరచెయ్యి, వేళ్లతో సహా, వాళ్ల ఒంట్లో సుమారు ఒక శాతం. పిల్లలకి పిల్లల అరచెయ్యే కొలత. అంతకన్నా పెద్దగా బొబ్బలెక్కితే ఇంట్లో ఉండొద్దనేది నేను పెట్టుకున్న గీత. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మీద అయితే సైజు చూడకుండా వెళ్లాలి. పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కూడా అంతే. మా వదినది మణికట్టు కాబట్టే సాయంత్రం తీసుకెళ్లాం. వెళ్లేటప్పుడు గాయం మీద దూది పెట్టకండి, పీచు అంటుకుంటుంది. ఉతికిన పల్చటి నూలుగుడ్డ గానీ, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ర్యాప్ గానీ వదులుగా పరిస్తే చాలు, చుట్టూ బిగించి చుట్టొద్దు. టెటనస్ ఇంజెక్షన్ చివరిగా ఎప్పుడు చేయించుకున్నారో అడుగుతారు, గుర్తు తెచ్చుకుని వెళ్లండి. ఏ టైముకి కాలింది, ఎంతసేపు నీళ్లు పోశారు అన్నది కూడా చెప్పండి.

వదిన మణికట్టు మీది బొబ్బలు రెండు మూడు వారాల్లో మానాయి, గాజుల కింది గీతకి ఇంకాస్త ఎక్కువ పట్టింది. ఇప్పుడు అక్కడ చర్మం పొడిబారి దురద పెడుతోంది, ఎండ తగిలితే నల్లబడుతోంది. డాక్టర్ గారు ఎండకి ఫుల్ చేతుల జాకెట్టు వేసుకోమన్నారు, రోజూ ఏదైనా మాయిశ్చరైజర్ రాయమన్నారు. "కొబ్బరినూనె రాయొచ్చా?" అని పెద్దమ్మే అడిగింది. గాయం పూర్తిగా మూసుకుంది కాబట్టి ఇప్పుడు శుభ్రంగా రాయొచ్చన్నారాయన.